స్ట్రైక్ ఆఫ్ అయిన కంపెనీ: అప్పీలా, పునరుద్ధరణ దరఖాస్తా, కొత్త కంపెనీయా?

కంపెనీల రిజిస్ట్రార్, అంటే ఆర్‌ఓసీ, తన రిజిస్టరు నుంచి పేరు కొట్టేసిన కంపెనీ గురించి ఎవరు అడిగినా నేను ముందుగా రెండు విషయాలు తెలుసుకుంటాను. పేరు తొలగించిన గెజిట్ తేదీ ఏది? ఆ కంపెనీ పేరు మీద ఇప్పటికీ ఏమైనా ఉందా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ దారిన వెళ్లాలో చాలావరకు తేలిపోతుంది. జవాబు దొరక్కముందే పిటిషన్ తయారీకి డబ్బు కట్టేవాళ్లు వరంగల్, హనుమకొండల్లో తక్కువేమీ లేరు.

చాలామందికి తమ కంపెనీ స్ట్రైక్ ఆఫ్ అయిన సంగతి ఏళ్ల తరబడి తెలియదు. ఆర్‌ఓసీ పంపే మొదటి నోటీసు, అంటే ఎస్‌టీకే-1, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, డైరెక్టర్ల చిరునామాలకు వెళ్తుంది. ఆ ఆఫీసు ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె గది అయితే కవరు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. నోటీసుకు 30 రోజుల్లో సమాధానం రాకపోతే బహిరంగ ప్రకటన వెలువడుతుంది. ఆ తర్వాత ఎస్‌టీకే-7 నోటీసు గెజిట్‌లో అచ్చవుతుంది, ఆ రోజుతో కంపెనీ రద్దవుతుంది. బ్యాంకులో ఖాతా స్తంభించినప్పుడో, సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు తిప్పి పంపినప్పుడో యజమానికి అసలు విషయం అర్థమవుతుంది. 2017లో దేశవ్యాప్తంగా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లను ఇలా తొలగించారు. ఆ జాబితాలో తమ పేరు ఉందని ఇప్పటికీ తెలియనివాళ్లు ఉంటే నాకు ఆశ్చర్యం లేదు.

ముందు స్థితి చదవండి

mca.gov.in లో `View Company or LLP Master Data` అనే చోట కంపెనీ పేరు గానీ కంపెనీ గుర్తింపు సంఖ్య, అంటే సీఐఎన్ గానీ ఇస్తే స్థితి కనిపిస్తుంది. ఇక్కడ తెలంగాణవాళ్లకు ఒక చిన్న చిక్కు ఉంది. రాష్ట్ర విభజనకు ముందు పెట్టిన కంపెనీల పాత కాగితాల మీద సీఐఎన్‌లో `AP` అని ఉంటుంది, తర్వాత రికార్డుల్లో అది `TG` అయింది. పాత నంబరు కొట్టి ఏమీ రాలేదని కంగారు పడవద్దు. చివరి ఆరు అంకెలు, అంటే రిజిస్ట్రేషన్ నంబరు, సాధారణంగా మారదు. పేరుతో వెతికి ఆ ఆరు అంకెలు సరిచూసుకోండి.

స్థితి `Under process of striking off` అని ఉంటే మీకు ఇంకా సమయం ఉంది, ట్రైబ్యునల్ అవసరమే రాకపోవచ్చు. బాకీ ఉన్న రిటర్నులు దాఖలు చేసి, వ్యాపారం నడుస్తోందనడానికి రుజువులు జతచేసి ఆర్‌ఓసీకి సమాధానం ఇవ్వడమే చవకైన మార్గం. `Strike Off` అని వస్తే ఆర్‌ఓసీ చేతిలో పని అయిపోయింది. ఇకపై పేరు తిరిగి చేర్చమని ఆదేశించగలిగేది జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్, అంటే ఎన్‌సీఎల్‌టీ మాత్రమే. తెలంగాణ కంపెనీలకు అది హైదరాబాద్ బెంచ్.

అదే పేజీలో చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ, చివరి వార్షిక సమావేశం తేదీ కూడా ఉంటాయి, వాటిని రాసుకోండి. ఎన్ని సంవత్సరాల రిటర్నులు బాకీ ఉన్నాయో అక్కడే తెలుస్తుంది. ఖర్చు లెక్క మొదలయ్యేది అక్కడే. కంపెనీ ఆస్తుల మీద బ్యాంకు తాకట్టు ఇంకా నమోదై ఉందో లేదో ఛార్జీల జాబితాలో చూడండి. తీరిపోయిన అప్పు తాలూకు తాకట్టు కూడా అక్కడ మిగిలి ఉండవచ్చు.

గెజిట్ తేదీ మాత్రం వేరే చోట వెతకాలి. ఆర్‌ఓసీ హైదరాబాద్ జారీ చేసిన ఎస్‌టీకే-7 నోటీసుల్లో, egazette.gov.in లో చూడాలి. ఒక్కో నోటీసులో వందల కంపెనీల పేర్లు వరుసగా ఉంటాయి. మీ పేరున్న పేజీని, నోటీసు మొదటి పేజీని కలిపి దాచుకోండి. పిటిషన్‌కు అది జత కావాలి, గడువు లెక్కించేది కూడా ఆ తేదీల నుంచే.

ఒకే సెక్షన్, రెండు ప్రశ్నలు

కంపెనీల చట్టం 2013లో పునరుద్ధరణకు 252వ సెక్షన్ ఉంది. అందులో ఒకటో ఉపవిభాగం కింద వేసేది అప్పీలు, మూడో ఉపవిభాగం కింద వేసేది దరఖాస్తు. రెండింటికీ నింపేది ఎన్‌సీఎల్‌టీ-9 ఫారమే కాబట్టి రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. అయితే ట్రైబ్యునల్ ఒక్కోదానిలో వేసుకునే ప్రశ్న వేరు.

అప్పీలులో ప్రశ్న ఆర్‌ఓసీ నిర్ణయం గురించి. ఏ కారణం చూపి పేరు తీసేశారో ఆ కారణం అసలు లేదని చూపించాలి. రెండేళ్లుగా వ్యాపారం లేదని తీసేశారనుకోండి, ఆ రెండేళ్లూ వ్యాపారం నడిచిందని జీఎస్టీ రిటర్నులతో, ఆదాయపు పన్ను రిటర్నులతో, బ్యాంకు స్టేట్‌మెంట్లతో రుజువు చేస్తే అప్పీలు నిలబడుతుంది. ఆర్‌ఓసీ ఉత్తర్వు తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి. ఆ ఉత్తర్వు వల్ల బాధపడినవారు ఎవరైనా వేయవచ్చు, కాబట్టి వాటా లేని డైరెక్టరుకు కూడా ఇక్కడ చోటుంది.

దరఖాస్తు పరిధి ఇంకా పెద్దది. గెజిట్ ప్రచురణ తేదీ నుంచి 20 ఏళ్ల వరకు గడువు ఉంటుంది. పేరు తొలగించిన నాటికి కంపెనీ నడుస్తోందని చూపవచ్చు. అలా చూపలేకపోయినా, పేరు తిరిగి చేర్చడం న్యాయమని ట్రైబ్యునల్‌ను ఒప్పించగలిగితే చాలు. అయితే వేయగలిగేవారు నలుగురే: కంపెనీ, సభ్యుడు అంటే వాటాదారు, రుణదాత, కార్మికుడు. వాటా లేని డైరెక్టరు పేరు ఈ జాబితాలో లేదు. బ్యాంకులు, ఆదాయపు పన్ను శాఖ కూడా రుణదాతలుగా ఇదే దారిన వస్తుంటాయి.

నా ఉద్దేశంలో, మూడేళ్లు దాటకపోయినా చాలా కేసుల్లో ఒక వాటాదారు పేరుతో దరఖాస్తు వేయడమే మేలు. మూడేళ్లలోపు ఉన్నాం కదా అని అప్పీలు ఎంచుకుని, ఆర్‌ఓసీ చెప్పిన కారణం నిజమేనని తర్వాత తామే ఒప్పుకోవాల్సి వచ్చిన పిటిషనర్ల పరిస్థితి ఇబ్బందిగా ఉంటుంది. అప్పీలు ఎంచుకోవాల్సింది రెండు సందర్భాల్లో. వ్యాపారం నిజంగా ఆగకుండా నడిచి, రుజువులు చేతిలో ఉన్నప్పుడు ఒకటి. పిటిషన్ వేసే మనిషి ఆ నలుగురిలో ఎవరూ కానప్పుడు రెండోది.

పరకాల మిల్లు లెక్క

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 2009లో పరకాల దగ్గర నలుగురు బంధువులు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి పత్తి జిన్నింగ్ మిల్లు నడిపారు. ఎకరం స్థలం, షెడ్డు కంపెనీ పేరు మీదే ఉన్నాయి. 2018లో మిల్లు మూతపడింది. చివరిగా దాఖలైన లెక్కలు 2016-17వి. 2022 ఆగస్టులో గెజిట్‌లో పేరు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో స్థలానికి కొనుగోలుదారు దొరికినప్పుడు రద్దయిన కంపెనీ తరఫున దస్తావేజు చేయడం కుదరదని తేలింది.

ఇక్కడ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. మూడేళ్ల గడువు 2025 ఆగస్టు దాకా, ఇరవై ఏళ్లది 2042 ఆగస్టు దాకా ఉంది. కానీ మిల్లు 2018 నుంచి నడవలేదు, ఆర్‌ఓసీ చెప్పినదాంట్లో తప్పు లేదు. అప్పీలులో వాదించడానికి ఏమీ మిగలదు. మూడో ఉపవిభాగం కింద మాత్రం బలమైన మాట ఉంది: కంపెనీకి స్థిరాస్తి ఉంది, దాని మీద వాటాదారులందరికీ హక్కు ఉంది, పేరు తిరిగి రాకపోతే ఆ ఆస్తి ఎవరి చేతా అమ్ముడుపోదు, అప్పులుంటే వాటికీ జమ కాదు. స్థలం దస్తావేజు, ఇటీవలి ఈసీ, పన్ను రశీదులు, మిల్లు మూతపడ్డాక కూడా కనీస ఛార్జీలు కడుతూ వచ్చిన ఎన్‌పీడీసీఎల్ కరెంటు బిల్లులు దీనికి రుజువులు. మిల్లు నడిచిందని చెప్పడానికి ఆ కరెంటు బిల్లులు వాడవద్దు. యూనిట్లు సున్నా అని ఆ బిల్లు మీదే ఉంటుంది. ఆస్తిని వదిలేయలేదని చూపడానికే అవి పనికొస్తాయి.

ఇక డబ్బు. ట్రైబ్యునల్ రుసుము స్వల్పమే. వకీలు, కంపెనీ సెక్రటరీ ఫీజులు మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటాయి. అసలు భారం ఆలస్య రుసుములది. పునరుద్ధరించే ఉత్తర్వులో బాకీ ఉన్న లెక్కలు, వార్షిక రిటర్నులు అన్నీ దాఖలు చేయాలన్న షరతు తప్పకుండా ఉంటుంది. 2018 జులై నుంచి ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనపు రుసుము, దానికి గరిష్ఠ పరిమితి లేదు. ఏటా రెండు ఫారాలు: లెక్కలకు ఏఓసీ-4, వార్షిక రిటర్నుకు ఎంజీటీ-7 లేదా చిన్న కంపెనీ అయితే ఎంజీటీ-7ఏ.

మన మిల్లుకు 2017-18 నుంచి 2023-24 వరకు ఏడేళ్లు బాకీ. 2025 అక్టోబరు 30న అన్నీ దాఖలు చేస్తే, 2017-18 ఏఓసీ-4 ఒక్కటే 2,557 రోజులు ఆలస్యం, అంటే 2,55,700 రూపాయలు. తర్వాతి ఏడాదిది 2,19,200. అలా తగ్గుతూ 2023-24కు 36,500 అవుతుంది. ఏడు ఏఓసీ-4లకు కలిపి సుమారు 10 లక్షల 23 వేలు. వార్షిక రిటర్ను గడువు ఒక నెల తర్వాత కాబట్టి ఏడు ఎంజీటీలకు 10 లక్షల పైచిలుకు. రెండూ కలిపితే దాదాపు 20 లక్షల 25 వేలు. కోవిడ్ ఏళ్లలో గడువులు పొడిగించినందువల్ల ఇందులో కొంత తగ్గుతుంది, అయినా అంకె స్థాయి మారదు. ఇవికాక 2017 డిసెంబరు 31లోపు పుట్టిన కంపెనీలు రిజిస్టర్డ్ ఆఫీసు వివరాలతో ఇవ్వాల్సిన ఐఎన్‌సీ-22ఏ ఫారం ఆలస్యానికి 10,000, కేవైసీ ఆగిపోయిన ఒక్కో డైరెక్టరు గుర్తింపు సంఖ్యకు, అంటే డీఐఎన్‌కు, 5,000 ఉంటాయి. ట్రైబ్యునల్ ఖర్చుల కింద కొంత మొత్తం చెల్లించమనడం కూడా మామూలే.

స్థలం కోటి రూపాయలు పలికితే ఈ ఖర్చు భరించవచ్చు. అదే కంపెనీకి స్థలం లేక, బ్యాంకులో మూడు లక్షలు మాత్రమే ఉంటే పునరుద్ధరణ నష్టపు బేరం. నేనైతే వద్దనే చెబుతాను. ఏ ఆస్తీ లేకుండా, నాన్నగారు పెట్టిన పేరు పోయిందన్న బాధతో వచ్చేవాళ్లకూ ఇదే మాట చెబుతాను, వినేవాళ్లు తక్కువ.

ఆలస్య రుసుములో కేంద్రం అప్పుడప్పుడు రాయితీ పథకాలు ప్రకటిస్తుంది. 2020లో అలాంటిది నడిచింది. మీ ఉత్తర్వు వచ్చే నాటికి ఏదైనా పథకం అమల్లో ఉంటే, అది మీలాంటి కంపెనీకి వర్తిస్తుందో లేదో సర్క్యులర్ చదివి చూసుకోండి. ఎప్పుడో వస్తుందిలే అని మాత్రం కూర్చోవద్దు, రెండు ఫారాల మీద ఏడేళ్లకు రోజుకు 1,400 రూపాయలు పెరుగుతూనే ఉంటాయి.

కొత్త కంపెనీ ఎప్పుడు మేలు?

పాత కంపెనీకి ఆస్తి, రావాల్సిన బాకీ, లైసెన్సు, నడుస్తున్న కోర్టు కేసు ఏవీ లేకపోతే కొత్త కంపెనీయే తేలిక. కాకపోతే రెండు అడ్డంకులు చూసుకోవాలి. స్ట్రైక్ ఆఫ్ అయిన కంపెనీ పేరును గెజిట్ తేదీ నుంచి 20 ఏళ్ల వరకు మరొకరికి ఇవ్వరు, మీకు కూడా ఇవ్వరు. వరుసగా మూడేళ్లు రిటర్నులు వేయని కంపెనీ డైరెక్టర్లు 164వ సెక్షన్ కింద ఐదేళ్లు అనర్హులు అవుతారు. కాబట్టి కొత్త కంపెనీలో పాతవారే డైరెక్టర్లుగా ఉండగలరో లేదో ముందు తేల్చుకోండి.

పాత కంపెనీ స్థలాన్ని కొత్త కంపెనీకి రాసిచ్చేద్దాం అనే సలహా బజారులో వినిపిస్తుంది. రాసివ్వాల్సిన పాత కంపెనీ చట్టం దృష్టిలో లేదు కాబట్టి సంతకం పెట్టే అధికారం ఎవరికీ లేదు. అలా పుట్టిన దస్తావేజు రేపు మరో తగాదాకు కారణమవుతుంది. కంపెనీ పోయిందని బాధ్యతలు పోయాయనుకోవడం కూడా పొరపాటే. డైరెక్టర్ల, సభ్యుల బాధ్యత కంపెనీ రద్దు కానట్టే కొనసాగుతుందని 248వ సెక్షనే చెబుతోంది. అప్పు ఇచ్చినవారు కంపెనీ పేరు తిరిగి చేర్పించి మరీ వసూలుకు దిగవచ్చు.

పిటిషన్ వేశాక ఎక్కడ ఏం చూడాలి

పిటిషన్ ఆన్‌లైన్‌లో దాఖలు చేయగానే వచ్చేది ఫైలింగ్ నంబరు మాత్రమే, దాన్ని కేసు నంబరు అనుకోవద్దు. రిజిస్ట్రీ పరిశీలించి లోపాలు చెబుతుంది. పేజీ నంబర్లు లేకపోవడం, అఫిడవిట్ సరిగా లేకపోవడం, గెజిట్ ప్రతి స్పష్టంగా కనిపించకపోవడం వంటివి. వాటిని సవరించేదాకా కేసు నంబరు పడదు. nclt.gov.in లో కేసు స్థితి చూసేటప్పుడు ఫైలింగ్ నంబరుతో, కేసు నంబరుతో, పక్షం పేరుతో వెతికే వీలుంది. వారాలు గడిచినా కేసు నంబరుతో ఏమీ రాకపోతే ఫైలింగ్ నంబరుతో చూడండి. ఫైలు లోపాల దగ్గరే ఆగి ఉంటే, తేదీ కోసం ఎదురుచూస్తున్నామని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

కేసు నంబరు పడ్డాక అందులో 252 అనే సెక్షన్ సంఖ్య, హైదరాబాద్ బెంచ్ గుర్తు, సంవత్సరం కనిపిస్తాయి. విచారణకు కనీసం 14 రోజుల ముందు ఆర్‌ఓసీకి ప్రతి అందాలి. హైదరాబాద్ ఆర్‌ఓసీ, ట్రైబ్యునల్ రెండూ నాగోల్ పక్కన బండ్లగూడలోని కార్పొరేట్ భవన్‌లోనే ఉన్నాయి. వరంగల్ బస్సులో వచ్చి ఉప్పల్‌లో దిగితే దగ్గరే. ఒకే ప్రాంగణం కదా వాళ్లకు తెలుస్తుందిలే అనుకోవద్దు, అందజేసిన రశీదు లేకపోతే తేదీ వాయిదా పడుతుంది.

తర్వాత కేసు నడక ఆర్‌ఓసీ నివేదిక మీద ఆధారపడుతుంది. రిటర్నులన్నీ దాఖలు చేస్తే అభ్యంతరం లేదని వాళ్లు చెప్పడం తరచుగా జరిగేదే. చాలాసార్లు ఆదాయపు పన్ను శాఖ అభిప్రాయం కూడా అడుగుతారు. అది రాకపోవడం వల్లే వాయిదాలు పడుతుంటాయి. రోజువారీ ఉత్తర్వులు వెబ్‌సైట్‌లో ఉంచుతారు కాబట్టి ఎవరి నివేదిక కోసం ఆగిందో మీరే చదువుకోవచ్చు. పిటిషనర్ హాజరు కాలేదన్న మాట ఒక్కసారైనా కనిపిస్తే వెంటనే మీ వకీలుకు ఫోను చేయండి. పిటిషన్ కొట్టేస్తే 45 రోజుల్లో అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు.

ఉత్తర్వు అనుకూలంగా వచ్చినా మాస్టర్ డేటాలో మర్నాడు కూడా `Strike Off` అనే ఉంటుంది. ధ్రువీకృత ప్రతికి అదే రోజు దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే ఉత్తర్వు తేదీ నుంచి 30 రోజుల్లో దాన్ని ఐఎన్‌సీ-28 ఫారంతో ఆర్‌ఓసీకి చేర్చాలి. ఆ ఫారానికి డైరెక్టరు డిజిటల్ సంతకం కావాలి. డీఐఎన్ నిలిచిపోయి ఉంటే సరిగ్గా ఇక్కడే బండి ఆగుతుంది. అందుకే పిటిషన్‌లోనే డీఐఎన్ పునరుద్ధరణను కూడా కోరమని, కేవైసీ ముందే పూర్తి చేయమని చెబుతాను. ఐఎన్‌సీ-28 ఆమోదం పొందాక ఆర్‌ఓసీ రిజిస్టరులో పేరు తిరిగి చేర్చి, ఉత్తర్వును గెజిట్‌లో ప్రచురిస్తుంది. ఆ ఖర్చు పిటిషనరుదే. అప్పుడు స్థితి `Active` అవుతుంది.

అప్పుడు కూడా కిందికి చూడండి. ఐఎన్‌సీ-22ఏ ఇవ్వని కంపెనీకి `ACTIVE non-compliant` అని వేరే గడిలో ఉంటుంది. అది సరిచేయనిదే కొత్త డైరెక్టరును చేర్చడం వంటి ఫారాలు తీసుకోదు. చనిపోయిన డైరెక్టరు స్థానంలో కొడుకును పెట్టి దస్తావేజు మీద సంతకం చేయించాలనుకునే కుటుంబాలకు ఇది పెద్ద అడ్డంకే.

మన పరకాల మిల్లువాళ్ల విషయంలో వరుస ఇలా ఉంటుంది: స్థితి `Active` అయ్యాక ఏడేళ్ల లెక్కలు, రిటర్నులు, తర్వాత ఐఎన్‌సీ-22ఏ, ఆ పైన స్థలం అమ్మడానికి బోర్డు తీర్మానం, వాటాదారుల తీర్మానం. సబ్ రిజిస్ట్రార్ దగ్గరకు ట్రైబ్యునల్ ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి, మాస్టర్ డేటా ముద్రిత ప్రతి, తీర్మానాలు తీసుకెళ్లాలి. అమ్మకం డబ్బు కంపెనీ ఖాతాలో పడి, పన్నులు, పంపకాలు అయ్యాక మళ్లీ రిటర్నులు ఆపేసి వదిలేయకుండా, ఎస్‌టీకే-2 ఫారంతో 10,000 రూపాయలు కట్టి తామే కంపెనీని మూసేసుకోవచ్చు.